తొమ్మిదో నిమిషంలో ఏముంది

ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే రూబీ గంటసేపు ఆగిపోయింది.

విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని, యూట్యూబ్ ఛానెళ్ల లెక్కలు చూసి పెట్టడం ఆమె పని. ఉన్నది ఒక్క ఖాతాదారు, బొబ్బిలిలో వీణలు చేసే జగన్నాధం. ఆయన పనస దుంగను తొలిచే వీడియోలు పెడతాడు. ఈసారి వ్యూస్ నాలుగు వేల నుంచి తొమ్మిది వేలకు ఎగబాకాయి. చూసిన సమయం మాత్రం నాలుగు వందల గంటల నుంచి మూడు వందలకు పడిపోయింది. ఎందుకో రాసి పంపమన్నాడు.

కారణం రూబీకి తెలుసు. అది చెబితే ఉన్న ఒక్క పనీ పోతుందేమో.

"ఏటే, ఇందాకట్నుంచి అదే కాయితం సూస్తన్నావు?" అంది చిక్కుడుకాయలు తుంపుతున్న తల్లి దానమ్మ.

"తప్పు నాదేనమ్మా."

"అయితే నీదేనని రాసీ. కాయితానికి బరువేటి?"

రూబీ రాసింది.

"జగన్నాధం గారికి, వీడియో మీద తీగలు బిగించిన వీణ బొమ్మ పెట్టి, 'బొబ్బిలి వీణ నాదం వినండి' అని పేరు పెట్టమన్నది నేనే. పాట కోసం ఏడు వేల మంది కొత్తవాళ్లు వచ్చారు. ఉలి చప్పుడు విని సగటున నిమిషం కూడా ఉండలేదు. ఎప్పుడూ ఆరు నిమిషాలు కూర్చునే మీ పాతవాళ్లేమో, ఇదేదో పాటల వీడియో అనుకుని సగానికి సగం తెరవనే లేదు. మీ పనిలో లోపం లేదు. లేని నాదం ఉందని నేను ఆశ పెట్టాను.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. వీడియో సాగేకొద్దీ, ఎంతమంది చూస్తున్నారో చూపే గీత కిందికి దిగుతుంది. తొమ్మిదో నిమిషంలో మాత్రం పైకి లేచింది. అంటే ఉన్నవాళ్లు వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారు. అక్కడ ఏముందండీ?"

ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పంపింది. మర్నాడు పొద్దున్నే జగన్నాధం ఫోన్ చేశాడు.

"అమ్మా రూబీ, నాదం నేదని ఎవులు సెప్పేరు నీకు?"

"తీగలే లేవు కదా బాబాయ్."

"తొమ్మిదో నిమిషంలో నాను తొలిసిన వీణ కుండ గోడ మీద ఏలితో కొడతన్నాను. సెక్క ఎంత పలసనయిందో కన్ను సెప్పదమ్మా, సెవి సెప్తాది. అదే మల్లీ మల్లీ ఇంటన్నారన్నమాట."

రూబీ వీడియో తెరిచింది. టక్, టక్. తర్వాత ఉలి. మళ్లీ టక్, కానీ ఈసారి కాస్త లోతుగా. ఇన్నాళ్లూ ఆమె దీన్ని చప్పుడు తగ్గించే చూసింది.

"మరి బొమ్మ మార్చేస్తాను బాబాయ్, పేరు కూడా. ఈ పని ఇంకెవరికైనా ఇచ్చేస్తానని మీరంటే..."

"తప్పు ఎక్కడో సూపించినావు కదా, ఇంకొకల్లెందుకు? ముందు నువ్వు బొబ్బిలి రా. సెవితో ఇను, తరవాత పేరెట్టు."

పదిన్నర బస్సుకి ఆమె బొబ్బిలి బయల్దేరింది. మధ్యాహ్నానికి పనస చెక్క పొట్టు మధ్య గొంతుక్కూర్చుని, తీగలు లేని కుండకు చెవి ఆనించి ఉంది.

"కొట్టండి బాబాయ్," అంది.