బోర్డు మీద లేని తమ్ముడు

దబీర్‌పురాలోని ఓ కోచింగ్ సెంటర్‌లో నేను జువాలజీ చెబుతాను. వంశవృక్షాల లెక్కలకు పిల్లలకొక చిట్కా నేర్పిస్తుంటాను. రోగం లేని తల్లిదండ్రులకు రోగమున్న బిడ్డ పుడితే అది బహిర్గతం, అంటే ఒక్కరి లోపంతోనే బయటపడేది, కాదు. ఆ దంపతుల మధ్య జంట గీత, అంటే మేనరికం, కనిపిస్తే అంతర్గతం, అంటే ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడేది, అనుకోవచ్చు.

మా అక్కను మేనమామకిచ్చి చేశారు. వాళ్ల అబ్బాయికి కండరాలు క్షీణించే జబ్బు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ మేనరికాన్నే తిట్టారు. అప్పుడే చెల్లెలు నెల తప్పింది. తనది బయటి సంబంధం. ఓ సాయంత్రం సెంటర్‌కొచ్చి అడిగింది.

"అన్నా, నేనేమన్న టెస్టు గిట్ల చేపిచ్చుకోవాల్నా?"

బోర్డు మీద అక్కనూ మామనూ వేసి, మధ్య రెండు గీతలు గీసి, కింద వాళ్ల అబ్బాయికి చదరం ఒకటి వేసి, జబ్బుకు గుర్తుగా నల్లగా నింపాను.

"ఇద్దరిలో లోపం దాగుంటేనే వస్తది, అదీ నాలుగింట ఒకరికి. మీ ఆయన పరాయింటోడు. ఫికర్ జెయ్యకు."

"గంతేనా? గింత అల్కగ చెప్తే నీ పిల్లలకు ర్యాంకులెట్లొస్తయే?" నవ్వుతూ వెళ్లిపోయింది.

బోర్డు మీద అక్క పక్కన ఇంకో చదరం ఉండాలి. నా తమ్ముడిది, చెల్లెలికి చిన్నన్న. గోడ పట్టుకుని నడిచేవాడు, తర్వాత అదీ మానేశాడు, మీసం రాకముందే పోయాడు. పోలియో అనుకున్నాం. నా దోస్తుల ముందు వాడు నా తమ్ముడని నేనెప్పుడూ చెప్పుకోలేదు. ఆ రోజు బోర్డు మీద కూడా వాడు నాకు గుర్తు రాలేదు.

చెల్లెలికి కొడుకు పుట్టాడు. నాలుగేళ్లప్పుడు వాడు తొడల మీద చేతులు మోపి లేవడం మొదలుపెట్టాడు. ఆస్పత్రికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ చెల్లెలిని అడిగింది.

"మీ అన్నదమ్ములల్ల ఎవరికన్న గిట్ల ఉండెనా?"

"చిన్నన్నకు ఉండె మేడం. గది పోలియో అన్నరు."

"రెండు కాళ్లు ఒక్కతీరుగ, మెల్లమెల్లగ పోయినయా?"

అవునని నేను తలూపాను.

డాక్టరమ్మ కాగితం మీద మా వంశవృక్షం వేసి, నా తమ్ముడి చదరం కూడా గీసి నల్లగా నింపింది. జబ్బు మగపిల్లలకే, అదీ ఆడవాళ్ల మీదుగా వచ్చింది. లోపం ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉంది. తండ్రి చుట్టమైనా పరాయివాడైనా ఒకటే. అమ్మ వాహకురాలు, అంటే తనకు జబ్బు లేకుండా లోపాన్ని మోసే మనిషి, కనుక చెల్లెలు కూడా వాహకురాలు కావడానికి అప్పట్లోనే సగం అవకాశం ఉంది. పుట్టేది కొడుకైతే వాడికి జబ్బు రావడానికి అందులో సగం, నాలుగింట ఒకటి. ఏటా నేను చెప్పే లెక్కే ఇది. బిడ్డ పుట్టకముందే పరీక్ష చేయించుకునే దారి చెల్లెలికుండేది. ఇప్పుడు ఆమె వాహకురాలని తేలిపోయింది, ఇంకో కొడుకు పుడితే సగానికి సగం భయమే. నా కూతుళ్లకు మాత్రం ఏమీ లేదు. జబ్బు లేని మగవాడి నుంచి అది పిల్లలకు దిగదు.

బయట మెట్ల దగ్గర పిల్లాడు ఆగిపోయాడు. ఎత్తుకుందామని వంగాను.

"చిన్నన్నను ఎన్నడన్న ఎత్తుకున్నవా?" అడిగింది చెల్లెలు.

"లేదు."

వాణ్ణి తానే చంకనెత్తుకుని మెట్లు దిగింది. వాడి కాలి నుంచి జారిపడిన చెప్పు పట్టుకుని నేను వెనకాల నడిచాను.