వల బొమ్మ

పక్షవాతంతో మాట పడిపోయిన మూలపేట మత్స్యకారుడికి టెక్కలిలో నేను స్పీచ్ థెరపీ చేసేదాన్ని. బొమ్మ చూసి దాని పేరు తనంతట తాను చెప్పడం మా లక్ష్యం. "ఏటీ మారనేదమ్మా" అని వాళ్లావిడ ప్రతిసారీ నిట్టూర్చేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే నాకూ అలాగే అనిపించేది.

డాక్టరుగారికి రిపోర్టు రాయాలని వారాల నోట్సు వరసగా పరిచాను. వల బొమ్మకు మొదట్లో నేను మాట మొత్తం పలికితేనే తిరిగి అనేవాడు. తర్వాత మొదటి అక్షరం అందిస్తే చాలింది. ఆపైన నా పెదాలు కదిపితే చాలింది. కిందటి వారం నేనేమీ అందించకుండానే "వల" అన్నాడు.

అదంతా ఆయన ముందే వాళ్లావిడకు చదివి వినిపించాను. ఆయన భార్య వైపు తిరిగి "సూడు" అన్నాడు.

నా బొమ్మల్లో లేని మాట అది.