మధ్యలో ఒకటి తీసేసిన మాస్టారు

కొట్టివేతల మాస్టారికి జీవితంలో బాగా వచ్చిన విద్య ఒక్కటే. భిన్నంలో పైనున్న సంఖ్యనీ కిందున్న సంఖ్యనీ చూసి, రెండూ ఒకటే అయితే అడ్డంగా గీత కొట్టేయడం. ఆ గీత కొట్టేటప్పుడు సుద్దముక్క బోర్డు మీద టకటకలాడేది. కాలేజీ పిల్లలు ఆయనకు ఆ పేరు పెట్టింది అందుకే. పేరు చెవిన పడ్డ రోజున పైకి కోపం నటించారు గానీ, లోపల ఉబ్బితబ్బిబ్బయ్యారు.

ఉబ్బిపోవడానికి ఆయన దగ్గర వేరే కారణాలు పెద్దగా లేవు మరి. ఇంజనీరు అవుదామని బయలుదేరి, దారి తప్పి లెక్కల మాస్టారు అయ్యారు. స్కూటరు నడిపితే వెనక కూర్చున్న భార్య కళ్ళు గట్టిగా మూసుకునేది. ఇంట్లో బల్బు మార్చబోతే వీధంతా చీకటి అయిన సందర్భం ఒకటుంది. నెత్తి మీద జుట్టు కూడా పైకీ కిందకీ సరిపోయి కొట్టివేతలో పోయిందని ఆయన జోకు. ఆ జోకుకు కొత్తగా చేరిన పిల్లలు మాత్రమే నవ్వేవారు.

కానీ లాగరిథమ్‌లు, అదే లాగుల పాఠం వచ్చిన రోజున ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రెండును ఏ ఘాతానికి ఎత్తితే మూడు వస్తుందో, అదే బేసు రెండుకి లాగ్ మూడు. దాని విలువ నోటితో చెప్పడం కష్టం, దశాంశాలతో ఎక్కడికో పోతుంది. దాన్ని బేసు మూడుకి లాగ్ నాలుగుతో గుణించమంటే పిల్లల మొహాలు వాడిపోయేవి. అప్పుడు మాస్టారు బేసు మార్చేవారు. మొదటిది లాగ్ మూడు బై లాగ్ రెండు. రెండోది లాగ్ నాలుగు బై లాగ్ మూడు. పైన లాగ్ మూడు, కింద లాగ్ మూడు. టక్! మిగిలింది లాగ్ నాలుగు బై లాగ్ రెండు, అంటే రెండు. ఇలా ఎన్ని లాగులు వరసగా పేర్చినా మధ్యవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొదటి బేసూ చివరి సంఖ్యా మిగిలేవి.

"మొదటిదాన్ని పట్టుకోండి, చివరిదాన్ని పట్టుకోండి. మధ్యలో వాళ్ళంతా టికెట్టు లేని ప్రయాణికులు, దింపేయండి!" అనేవారు. క్లాసు గొల్లుమనేది. ఆ మాట ఆయన ఎన్నేళ్ళుగా చెబుతున్నారంటే, చివరికి తానే నమ్మేశారు.

ఆ ఏడాది ఆయన కూతురు అదే కాలేజీలో చేరింది. సెక్షన్లు విడదీసే పరీక్షకు లెక్కల పేపరు తయారు చేసింది మాస్టారే. ‘ఏ’ సెక్షన్‌లోకి వెళ్ళేవాళ్ళకు లెక్కలు లోతుగా చెబుతారు కాబట్టి పిల్లలందరి కళ్ళూ దాని మీదే. మాస్టారు తన ముద్దుల లెక్క ఒకటి అందులో పెట్టారు: బేసు రెండుకి లాగ్ మూడు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, బేసు ఏడుకి లాగ్ ఎనిమిది దాకా ఆరింటిని గుణించాలి. జవాబు బేసు రెండుకి లాగ్ ఎనిమిది, అంటే మూడు.

పేపరు టైపు చేసే ఆవిడ మధ్యాహ్నం ఫోను చేసింది. ఆ సమయంలో మాస్టారు స్టాఫ్ రూములో టీ తాగుతూ, రాజకీయాలను సరిదిద్దుతున్నారు.

"సార్, మీ లాగుల లెక్క రెండో లైనులోకి జారిపోతోంది. దానివల్ల పేజీ పెరుగుతోంది. ఏం చేయమంటారు?"

"దానికేముందమ్మా, మధ్యలోంచి ఒకటి తీసెయ్. ఎలాగూ కొట్టేసుకునేవేగా!"

"ఏది తీయమంటారు?"

"ఏదైతే ఏంటి, నీ ఇష్టం."

ఆవిడ బేసు ఐదుకి లాగ్ ఆరు తీసేసింది. లెక్క ఒక్క లైనులో చక్కగా ఇమిడింది. ఇంత తెలివైన సలహా తక్షణం ఇవ్వగలిగినందుకు మాస్టారు తనను తానే మెచ్చుకుని, ఇంకో టీ చెప్పారు.

ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం కూతురు చెప్పులు విప్పి, సంచీ మూలన పడేసి, వంటగది గుమ్మంలో కూర్చుంది. ఒక్క మార్కు తేడాతో ‘ఏ’ సెక్షన్ పోయింది.

"నాన్నా, నేను గ్రూపు మారిపోతా. లెక్కలు లేని గ్రూపు తీసుకుంటా. రేపు పెద్దసారుతో చెప్పేస్తా."

"ఒక్క మార్కుకేనా?"

"మార్కు గురించి కాదు. నాకు లెక్కలు రావు, అంతే."

చిన్నప్పుడు మెట్లెక్కుతూ బేసి సంఖ్యలు వల్లించిన పిల్ల అది. మాస్టారికి గుండెలో కలుక్కుమంది. అలాంటప్పుడు ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, వెటకారం. ప్రశ్నపత్రం తీసుకుని, ఎక్కడెక్కడ పోయాయో చూస్తూ, లాగుల లెక్క దగ్గర ఆగారు. నాలుగు జవాబుల్లో దేనికీ గుర్తు లేదు.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇది వదిలేశావా? ఊళ్ళో పిల్లలందరికీ మార్కు వచ్చిన లెక్క ఇది! కొట్టివేతల మాస్టారి కూతురువని బయట చెప్పకు తల్లీ, నా పరువు పోతుంది."

"నాకు మూడు రాలేదు నాన్నా."

"మరేం వచ్చింది?"

"మూడు, పక్కన బేసు ఆరుకి లాగ్ ఐదు. అది ఆప్షన్లలో లేదు."

మాస్టారు పెద్దగా నవ్వారు. కలం తీసి, ప్రశ్న కిందే మొదలుపెట్టారు. "చూడు, చిన్నపిల్లాడు కూడా చేస్తాడు. లాగ్ మూడు బై లాగ్ రెండు. లాగ్ నాలుగు బై లాగ్ మూడు. లాగ్ ఐదు బై లాగ్ నాలుగు. లాగ్ ఏడు బై లాగ్ ఆరు. లాగ్ ఎనిమిది బై లాగ్ ఏడు. ఇప్పుడు కొట్టేద్దాం."

మూళ్ళు పోయాయి. నాలుగులు పోయాయి. ఏడులు పోయాయి. పైన లాగ్ ఐదు మిగిలింది. దాన్ని కొట్టేద్దామని కిందికి చూస్తే ఐదు లేదు. కింద లాగ్ ఆరు మిగిలింది. పైన దానికి జోడీ లేదు. కలం ఎవర్ని కొట్టాలో తెలియక గాల్లోనే ఆగిపోయింది. లాగ్ ఎనిమిది అంటే లాగ్ రెండుకు మూడు రెట్లు, కాబట్టి అవి తేలిపోయి మూడు వచ్చింది. ఆ మూడు పక్కన బేసు ఆరుకి లాగ్ ఐదు, కూతురు చెప్పినట్టే, కదలకుండా కూర్చుంది.

మాస్టారికి స్టాఫ్ రూమూ, టీ, ఫోనూ వరసగా గుర్తొచ్చాయి. మధ్యవి కొట్టుకుపోయేది అందరూ చేయి చేయి పట్టుకుని నిలబడితేనే అని, ఒకడు తప్పుకుంటే అటూ ఇటూ ఇద్దరు ఒంటరివాళ్ళు మిగులుతారని, పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో తానే బోర్డు మీద రాసేవారు. ఆ తర్వాత ప్రయాణికుల జోకు దొరికింది. నవ్వులు వచ్చేసరికి ఆ రెండో ముక్క చెప్పడం మానేశారు.

"జవాబు సరిగ్గా వచ్చిందిగా! పరీక్ష హాల్లో లేచి అడగలేకపోయావా?" అన్నారు. గొంతు కాస్త తగ్గింది.

"పేపరు నువ్వు చేశావు కదా నాన్నా. లాగుల్లో నువ్వు తప్పు చేస్తావా? మళ్ళీ మళ్ళీ చేశా. ప్రతిసారీ అదే వచ్చింది. అందరికీ మూడు వస్తే నాకు రాలేదంటే, నాకే రానట్టు కదా."

మాస్టారు కలం కింద పెట్టారు. ఆయన తన మీద వేసుకున్న జోకులన్నీ ఎవరికీ నొప్పి కలిగించనివి. ఇది అలాంటిది కాదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఏమండీ, ఇంతకీ తప్పు ఎవరిది?" అని లోపలినుంచి భార్య అడిగింది.

"టైపు చేసే ఆవిడది..." అనబోయి, ఆ మాట తన నోటినుంచి ఎంత తేలిగ్గా వస్తోందో చూసి ఆయనే హడలిపోయారు. "నాది" అన్నారు.

మర్నాడు ప్రిన్సిపాలు గది ముందు నిలబడ్డప్పుడు మాస్టారి ధైర్యం ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. సంగతంతా విన్నాక పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాస్టారూ, ఈ తప్పు బయటపెడితే మీ అమ్మాయికే లాభం. నలుగురూ ఏమనుకుంటారు?"

"కూతురి కోసం లెక్క మార్చాడనుకుంటారండీ. అందుకే రావాలా వద్దా అని తెల్లారినప్పటినుంచీ తలబాదుకుంటున్నాను. కానీ లెక్క వచ్చిన పిల్లలు వదిలేశారు, నా జోకు వచ్చిన పిల్లలు మార్కు కొట్టారు. ఇంకెవరు వదిలేసి ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నారో నాకు తెలీదు కదండీ."

పెద్దసారు ఆ ప్రశ్నకు అందరికీ మార్కు ఇవ్వమన్నారు. ఎందుకిచ్చారో పిల్లలందరి ముందూ మాస్టారే చెప్పాలన్నారు.

కూతురు పేరు ‘ఏ’ సెక్షన్‌లో చేరింది. మాస్టారు ఆ కబురు మోసుకొచ్చి, మెచ్చుకోలు కోసం నిలబడ్డారు. ఆమె మొహంలో వెలుగేమీ కనబడలేదు.

"నువ్వు వెళ్ళి చెప్పావు కాబట్టి వచ్చింది. నాకు లెక్కలొచ్చి కాదుగా. గ్రూపు మారతాననే చెబుతా, ఈ వారం అయ్యాక."

మార్కు ఇప్పించగలిగారు గానీ, తాను పోగొట్టినది ఇప్పించడం తన చేతుల్లో లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ పూట అన్నం సయించలేదు.

పిల్లలందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టారు. కూతురు చివరి బల్ల మీద, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మాస్టారు బోర్డు మీద లెక్క రాశారు. ఫోనులో తానేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పారు. గదంతా నవ్వింది. ఎవరో వెనకనుంచి "సార్, దింపేసినవాడి దగ్గర టికెట్టుందన్నమాట!" అన్నారు. ఆయన కూడా నవ్వబోయి, బోర్డు వైపు తిరిగారు. లాగ్ ఐదు పైన మిగిలింది, లాగ్ ఆరు కింద మిగిలింది, జవాబు మూడు ఇంటూ బేసు ఆరుకి లాగ్ ఐదు అని రాశారు.

"ఇప్పుడు దీని విలువ ఎంతుంటుందో చూద్దాం. బేసు ఆరుకి లాగ్ ఐదు ఒకటి కన్నా కాస్త ఎక్కువ. కాబట్టి అసలు జవాబు మూడు దాటుతుంది..." అంటూ రాసుకుపోయారు. ముందు బల్లల వాళ్ళు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు.

"తప్పు సార్."

గొంతు చివరి బల్లనుంచి వచ్చింది. మాస్టారు వెనక్కి తిరిగారు. కూతురు లేచి నిలబడి ఉంది.

"ఎక్కువ కాదు సార్, తక్కువ. ఆరు రావాలంటేనే ఆరు మీద ఘాతం ఒకటి ఉండాలి. ఐదు రావాలంటే ఒకటి కన్నా తగ్గాలి. ఇంకోలా చూసినా అంతే. మీరు తీసేసింది బేసు ఐదుకి లాగ్ ఆరు. అది ఒకటి కన్నా పెద్దది. పెద్దదాన్ని గుణకారంలోంచి తీసేస్తే జవాబు మూడు నుంచి కిందికి దిగాలి కదా? రెండు పాయింట్ ఏడు దగ్గర్లో ఉంటుంది."

మాస్టారు బోర్డు చూశారు, కూతుర్ని చూశారు, మళ్ళీ బోర్డు చూశారు. ఆ పిల్ల రైటు. ఆయన కావాలని చేసిన తప్పు కాదది. కావాలని చేసేంత తెలివి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు.

"నిజమేనా? ఇంకోసారి ఆలోచించుకో. ఇది నేను రాసింది" అన్నారు.

"మీరు రాసినా తప్పే సార్" అంది ఆమె, కూర్చోకుండా.

మాస్టారు చేతిలో సుద్దను బల్ల మీద పెట్టి, తాను రాసిన లైను అరచేత్తో తుడిచేశారు. కళ్ళు చెమ్మగిల్లి బోర్డు మసకగా కనబడుతోంది. "అయితే వచ్చి నువ్వే రాయమ్మా" అన్నారు. ఆమె బల్లల మధ్యనుంచి నడిచొచ్చి, సుద్ద అందుకుని, తండ్రి మొహం వైపు చూడకుండా రాయడం మొదలుపెట్టింది.