తల ఊపే మా బావ, ఆయన ఇంగ్లిష్

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని మా వాళ్లు చెప్పుకుంటారు. అది అబద్ధం. బడే నన్ను మానేసింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు మధ్యాహ్నం అన్నం వేళకు వెళ్లి వచ్చేవాణ్ని. అలాంటివాడు శ్రీకాకుళంలో జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకుని జనం ఇంగ్లిష్ టైపు చేసి బతుకుతున్నాడంటే ఇంగ్లిష్‌కు ఎంత చెడ్డకాలం దాపురించిందో మీరే ఊహించుకోండి.

ఒకరోజు మా బావ కళింగపట్నం నుంచి బస్సు దిగి సరాసరి షాపుకు వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. చేపల వేట మనిషి. ఏళ్ల తరబడి గుజరాత్ హార్బర్‌లో బోట్ల మీద పని చేసి వచ్చాడు. అక్కడే ఒకసారి తాడు బిగుసుకుని ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఇంటికి వచ్చాక ఆ చెయ్యి ఎవరికీ కనబడకుండా లుంగీ మడతలో పెట్టుకుని కూర్చునేవాడు.

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. మా తీరానికి ఎదురుగా, సముద్రం అడుగున పాత ఓడలు ఎక్కడ మునిగి ఉన్నాయో వెతికే బృందం ఒకటి వస్తోందట. వాళ్లకు ఈ నీళ్లు తెలిసిన మనిషి ఒకడు బోటులో కావాలి. పని అడిగినవాళ్లందరినీ బయో పంపమన్నారు. బయో అంటే మనం పెళ్లిళ్లకు పంచే బయోడేటా కాదు. ఫలానావాడు ఎవరు, ఏం చేశాడు, ఏం చేయగలడు అని ఎవరో పక్కనుంచి చెబుతున్నట్టు రాసుకునే నాలుగు వాక్యాలు. మా బావ పదో తరగతి దాకా చదివాడు. ఎవరి సాయమూ అడగకుండా తనే ఇంగ్లిష్‌లో రాసుకొచ్చాడు.

"సూడు బామ్మర్దీ, తప్పులుంటే దిద్దు. ఈ పని దొరికితే మళ్లీ గుజరాత్ రైలెక్కక్కర్లేదు," అన్నాడు.

చదివాను. 'ఐ యామ్ డూయింగ్ ఫిషింగ్ సిన్స్ చైల్డ్‌హుడ్' అని మొదలైంది. 'సీ ఫిల్డ్ మై స్టమక్' అని ఒకటి. 'మై మౌత్ ఈజ్ లెస్, మై హ్యాండ్ ఈజ్ మోర్' అని ఇంకొకటి. చివర్న 'ఇంగ్లిష్ ఈజ్ కమింగ్ లిటిల్ లిటిల్.'

"ఏటి బావా, ఇంగ్లిష్ బస్సులో వస్తందా, నడిసొస్తందా?" అన్నాను.

బావ నవ్వి తల ఊపాడు. ఆయనకు అదొక అలవాటు. ఆయనకే కాదు, పేటలో అందరికీ. ఆఫీసరు ఏమన్నా తల ఊపాలి, డాక్టరు ఏమన్నా ఊపాలి. అర్థం కాలేదని అంటే ఎదుటివాణ్ని అవమానించినట్టు. అర్థమైందా లేదా అన్నది ఇంటికెళ్లాక తేల్చుకునే సంగతి.

నాకు టైపు వచ్చుగానీ దిద్దడం రాదు. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన మేడమ్ ఒకరు నా షాపులోనే ప్రింట్లు తీయించుకుంటారు. ఆవిడకు చూపించాను. ఆవిడ చదువుతూ చదువుతూ ఒక్కచోట ఆగి, "పాపం, ఎంత బాగా రాశాడోయ్," అన్నారు. తర్వాత పెన్ను తీశారు.

ఆవిడ పని చేస్తుంటే చూడాలి. మొదటి వాక్యంలో 'ఐ' తీసి 'హీ' పెట్టారు. చిన్నప్పట్నుంచి ఇప్పటిదాకా సాగుతున్న పని కాబట్టి 'ఈజ్ డూయింగ్' చెల్లదట, 'హ్యాజ్ ఫిష్డ్' అని మార్చారు. సముద్రానికి ముందు 'ద' చేర్చారు. గుజరాత్‌లో పని అయిపోయింది కాబట్టి అక్కడ మాత్రం 'వర్క్‌డ్' ఉంచి, ఎన్నేళ్లో చెప్పేచోట 'ఫర్' పెట్టారు. కడుపు నింపిన సముద్రం దగ్గర 'హ్యాజ్ మేడ్ హిజ్ లివింగ్ ఫ్రమ్ ద సీ' అన్నారు. నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ అన్నదాన్ని 'లెట్స్ హిజ్ వర్క్ స్పీక్ ఫర్ హిమ్' చేశారు. మన వాక్యాన్ని మాటకు మాట దింపితే వాళ్లు ఈయన నోరు చిన్నదనుకుంటారు అన్నారు.

ఆఖరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. "కొంచెం అంటే ఎంత? ఇది నేను ఊహించి రాయకూడదు. ఆయన్నే అడగాలి," అన్నారు.

బావకు ఫోన్ చేసి ఇచ్చాను.

"ఇంగ్లిష్‌లో చెబితే మీకు అర్థమవుతుందా అండీ? పని చేసుకునేంత వచ్చా?"

"ఆఁ మేడమ్. వస్తాది, బానే వస్తాది."

మేడమ్ 'స్పీక్స్ వర్కింగ్ ఇంగ్లిష్' అని రాశారు. ఆయన మాట మీదే రాశారు. నేను టైపు చేశాను, పంపాం. ప్రింటు తీసి చూస్తే అందులో ఉన్నాయన కోటు వేసుకుని ఉంటాడేమో అనిపించింది. మా బావను ఆయన పక్కన నిలబెడితే, నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాడు.

పని దొరికింది. జవాబు నేనే చదివి వినిపించాను. సంతోషం అన్నారు, స్వాగతం అన్నారు. ఆఖర్న ఇంకొక ముక్క ఉంది: మీకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి, మా మాటలు మీకు తెలుగులో చెప్పడానికి అనుకున్న తెలుగు కుర్రవాణ్ని వేరే బోటుకు పంపుతున్నాం.

ఆ ముక్క నేను రెండుసార్లు చదివాను. బావ రెండుసార్లూ తల ఊపాడు.

బోటు ఎక్కేముందు జాగ్రత్తలు చెబుతామని వీడియో కాల్ పెట్టారు. నా షాపు కంప్యూటర్‌లోనే. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను, మేడమ్ కెమెరాకు పక్కగా గోడనానుకుని నిలబడ్డాం. తెర మీద బృందం పెద్ద, పరదేశం ఆయన, చాలా మర్యాదగా, నిదానంగా మాట్లాడుతున్నాడు. బోటు వెనక ఒక యంత్రాన్ని ఇనుప తాడుకు కట్టి నీళ్లలో ఈడుస్తారట. నాకు సగమే అందుతోంది. బావ తల మాత్రం ఒక్క మాటకూ వెనకబడలేదు.

"ఎస్ సార్. ఎస్ సార్. నో ప్రాబ్లమ్ సార్."

ఒకచోట ఆయన ఆగి ఏదో అడిగాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

"ఎస్ సార్," అన్నాడు బావ. అంటూ, కెమెరాకు కింద, తొడల మీద పెట్టుకున్న రెండు చేతులూ పైకి లేపి, గాల్లో లేని తాడును గబుక్కున పట్టి లాగాడు. వేళ్లు తెగిన చెయ్యి ముందు, మంచి చెయ్యి వెనక.

తెర మీద ఆయనకు అది కనబడలేదు. వెరీ గుడ్ అన్నాడు. మాకు కనబడింది.

మేడమ్ గోడ దగ్గర్నుంచి కదిలారు. కాల్ ఆగిందో లేదో, "ఆయన ఏమడిగారో తెలుసా?" అన్నారు బావతో.

"తాడు గురించేకదా మేడమ్."

"హారన్ మోగితే తాడును ఏం చేస్తావు అని అడిగారు. దాన్ని ముట్టుకోకూడదు. వదిలేసి వెనక్కి వెళ్లిపోవాలి. యంత్రం అడుగున దేనికో తట్టుకుందని ఆ హారన్‌కు అర్థం. తాడు తెగితే మనిషిని కొట్టేస్తుంది."

బావ తన చేతులకేసి చూసుకున్నాడు. వేటలో వల తట్టుకుంటే ముందు తాడు మీద పడి లాగేది తనేకదా అని ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. పడకపోతే వల పోతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన చేతులకు తెలిసింది అదొక్కటే.

"ఇప్పుడు తెలిసిందికదా. సర్లెండి," అన్నాడు.

"ఇదొక్కటీ తెలిసింది బావా. మిగతా అరగంట ఏటి సెప్పేడు?" అన్నాను.

"ఏటో సెప్పేడు."

ఆ రోజు నాకు ఒక్క హాస్యమూ తోచలేదు. మేడమ్ కంప్యూటర్‌లో బయో తెరవమన్నారు. ఆఖరి వాక్యం కొట్టేయించి కొత్తది చెప్పారు: కొద్దిగా ఇంగ్లిష్ అర్థమవుతుంది, సూచనలు తెలుగులో ఇవ్వాలి. పైన దిద్దిన 'ద'లూ 'హ్యాజ్'లూ అలాగే ఉంచారు. "అవి తప్పు కాదు. ఇదే తప్పు," అన్నారు. దానికి తోడు, కాల్‌లో చెప్పిన జాగ్రత్తలన్నీ తెలుగులో మళ్లీ చెప్పించమని నాలుగు లైన్ల ఉత్తరం.

బావ లేచి నిలబడ్డాడు. "పంపకు. ఇంగ్లిష్ రాదంటే తీసేస్తారు. ఇంకొకణ్ని ఎక్కించుకుంటారు. సముద్రం నాకు నేర్పక్కర్లేదు బామ్మర్దీ."

ఆయన అడ్డు పడితే నేను పంపలేను. పేరు ఆయనది. అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. జరిగింది చెప్పాను. తాడు పట్టి లాగిన సంగతి కూడా. అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ ఒడ్డున చేపలు ఎండబెడుతోంది.

"ఆ సెయ్యి సాలదేటి నీకు?" అంది అక్క. నాతో కాదు. తర్వాత నాతో, "పంపీరా," అంది.

బావ తల ఊపలేదు. బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పంపాను.

జవాబు రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. నేను పలకరిద్దామని కళింగపట్నం వెళ్తే బావ ఒడ్డున, బోర్లించిన బోటు నీడలో కూర్చుని ఉన్నాడు. సముద్రం నూనె పోసినట్టు చదునుగా ఉంది. అలాంటి సముద్రాన్ని మా వాళ్లు నమ్మరు. "నీవల్లే పోయింది," అన్నాడు నావైపు చూడకుండా. పోతే పోయిందని నేను అనలేకపోయాను. పోకపోతే ఏమవుతుందోనన్న భయం కూడా నాకు తగ్గలేదు. రెండింటిలో ఏది రావాలని దేవుణ్ని అడగాలో తెలియక వచ్చేశాను.

తర్వాత జవాబు వచ్చింది. ముందే చెప్పినందుకు థ్యాంక్స్ అన్నారు. తెలుగు కుర్రవాణ్ని బావ బోటుకే తిరిగి వేశారు. ఒడ్డునే ఆ కుర్రవాడు బావను కూర్చోబెట్టి జాగ్రత్తలన్నీ తెలుగులో మళ్లీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఈసారి బావ తల ఊపలేదు. కొట్లాడాడు.

"తాడు తెగిపోతంటే సూస్తూ నిల్సోవాలేటి? ఎవుడు పెట్టేడు బాబూ ఈ రూలు? అంత డబ్బెట్టి కొన్న యంత్రం నీల్లల్లో పోతే?"

"పోనీండి మావా. యంత్రం ఇంకోటి కొంటారు," అన్నాడు కుర్రవాడు.

 బావ అలా ఎదురు మాట్లాడడం విన్నాక మొదటిసారి నాకు ప్రాణం కుదుటపడింది.

బోటు వెళ్లిన మూడోనాడు యంత్రం అడుగున దేనికో తట్టుకుంది. హారన్ మోగింది. తన చేతులు తాడువైపు సగం దూరం వెళ్లిపోయాయని బావ తిరిగొచ్చాక ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని చెప్పాడు. వెనకనుంచి కుర్రవాడు "వదిలీండి మావా" అని అరిచాడట. వదిలి వెనక్కి గెంతాడు. తాడు తెగి, ఆయన నిలబడ్డ చోటు మీదుగా వెళ్లి ఇనుప రెయిలింగును వంచేసింది. బావ ఆ వంపును చేత్తో చూపించాడు.   అక్క అన్నం వడ్డించే గరిటె కాసేపు గిన్నెలోనే ఉండిపోయింది.

అది చూడలేక నేనే నోరు తెరిచాను. "బావా, నీ బయోలో ఇంకో లైను ఎక్కిద్దారి. బామ్మర్ది దయవల్ల మిగతా ఎనిమిది వేళ్లూ దక్కించుకున్న మొనగాడు అని. నవ్వవేటి? నా జోకులకి ఎప్పుడూ తలూపుతావుకదా?"

బావ తల ఊపాడు.

అక్క గిన్నె కింద పెట్టి నావైపు చూసింది. "ఒరే, ఇన్నాళ్లూ నీ జోకులు అర్థమయ్యే ఊపేడనుకుంటన్నావేట్రా?"