కరస్పాండెంటుగారి మీసం గీసిన చెయ్యి

నా కోడలు కూర్మన్నపాలెంలో ఒక ప్రైవేటు బడిలో అయిదో తరగతి టీచరు. ఆ బడి యజమానిని కరస్పాండెంటుగారూ అనాలి. ఉత్త సార్ అంటే చాలదట. ఒకరోజు ఆయన కోడల్ని పిలిచి, వాన ఎలా పడుతుందో ఒక చెయ్యి తెల్లబోర్డు మీద బొమ్మలు గీసి చూపిస్తున్నట్టు వీడియో చెయ్యమన్నారు. పేరెంట్స్ మీటింగులో అది చూశాకే ఆమెను వచ్చే ఏడాది ఉంచాలో మాన్పించాలో చెబుతారట. మా ఆయన పోయాక మా ఇంటికి నెలనెలా వచ్చే జీతం అదొక్కటే.

చేపల బుట్టతో వీధివీధీ అరిచిన గొంతు నాది, రంపంలా ఉంటుంది. "అత్తా, రికార్డింగవుతంది, నువ్వు దగ్గకు కూడా" అని కోడలు నా నోరు మూయించింది. ముందు పాఠమంతా తన గొంతుతో ఫోనులో చదివి పెట్టుకుంది. తరువాత కంప్యూటరులో సముద్రం, సూర్యుడు, ఆవిరి, మబ్బు, వాన, ఒక్కో బొమ్మా మాట వరస ప్రకారం పేర్చింది. ఆ గొంతు "సముద్రం" అనగానే తెర మీదకి పెన్ను పట్టుకున్న చెయ్యి వచ్చి అలలు గీయాలి, మాట అయ్యేసరికి గీతా అయిపోవాలి. ఏ బొమ్మకి ఎన్ని సెకన్లో ఆమే పెట్టుకోవాలి.

అంతా కుదిరిందనుకుంటే కరస్పాండెంటుగారు తన ఫోటో పంపారు. మొట్టమొదట ఆ చెయ్యి ఆయన్నే గీయాలట.

ఫోటోని గీతలుగా మారిస్తే మీసంలో వెంట్రుకకో గీత పుట్టింది. గొంతు వాన దాకా వెళ్లిపోయింది, చెయ్యి ఇంకా ఎడమ మీసం దగ్గరే ఉంది. టైము తగ్గిస్తే దోమలు తోలుతున్నట్టు ఊగింది.

"ఏటే, ఆ మీసంలోంచేనా మబ్బులొత్తన్నాయి?" అన్నాను.

"నవ్వకత్తా! మీసం తీసేత్తే నా ఉద్యోగం తీసేత్తారు."

"సభల్లో పెద్దోలు ఆఖర్నే కదే మాటాడతారు. ఈయన్నీ ఆఖర్న ఎట్టు."

మర్నాడు కోడలు ఆ మాటే మర్యాదగా చెబితే ఆయన పొంగిపోయారట.

మీటింగుకి నేనూ వెళ్లాను. చెయ్యి సగం గీయగానే పిల్లలు "మబ్బు! మబ్బు!" అని అరిచారు. వాన పడింది, గొంతు ఆగింది, సంగీతం మొదలైంది, చెయ్యి మీసం అందుకుంది. పాఠం అయిపోయిందని జనమంతా లేచి సమోసాల బల్ల వైపు నడిచారు. ముందు వరసలో కరస్పాండెంటుగారు ఒక్కరే మిగిలారు.

నాకు ఆగలేదు. దగ్గరికెళ్లి అడిగాను. "పాఠం ఎలాగుంది బాబూ?"

"పోలిక వచ్చిందమ్మా" అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా. "మీ కోడల్ని వచ్చే ఏడాదీ ఉండమనండి. భూకంపాల పాఠం చెయ్యాలి. దానికి నిలబడి ఉన్న ఫోటో ఇస్తాను."

ఆ కబురు కోడలికి చేరవేశాను. ఆమె మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది.

"నిలబడిందా? ఆఫీసు గోడ మీదున్న ఆ ఫోటోలో గళ్ల చొక్కా అత్తా!"