మరకల వదిన టీషర్టు

మా వదిన లాండ్రీ నడుపుతుంది. మరకలు వదలగొట్టడం చూపించే ఆమె ఛానెల్‌కి వీడియోలు తీసేది నేనే. జనం ఆమెను ‘మరకల వదిన’ అంటారు. అంతవరకు బాగానే ఉంది. ఆమె బొమ్మతో టీషర్టులు అమ్ముదామని అన్నయ్య పట్టుబట్టిన రోజు నుంచే నాకు ఒళ్లు మండడం మొదలైంది.

ఛానెల్లో “కొంటారా?” అని అడిగితే రెండు వేల మంది “కొంటాం” నొక్కారు. నొక్కడానికి ఏం పోయింది, వేలే కదా! అన్నయ్య మాత్రం రెండు వేల చొక్కాలు అమ్మేసినట్టే తిరిగాడు.

ముందు, ఆర్డరొచ్చాకే ఒక్కో చొక్కా ముద్రించి పంపే కంపెనీని చూశాం. సరుకు కొనక్కర్లేదు. కానీ చొక్కాకి నాలుగొందల ఇరవై, పోస్టుకి ఎనభై, చెల్లింపు చార్జీ పన్నెండు. ఐదొందల నలభై తొమ్మిదికి అమ్మితే మిగిలేది ముప్పై ఏడు. నమూనా తెప్పించి ఒక్కసారి ఉతికితే వదిన ముక్కు ఊడొచ్చింది.

“ఛీ! నా మొహాన్ని నా చేత్తోనే ఉతికి ఊడగొట్టుకున్నాను. ఇది కట్టబెడితే నన్ను ఎవరు నమ్ముతారు?” అంది.

“అయితే మనమే మంచివి రెండొందల చొక్కాలు అచ్చు కొట్టిద్దాం. ఒక్కోటి నూట ఎనభైకే వస్తుంది. నాలుగొందల నలభై తొమ్మిదికి అమ్మితే ఖర్చులు పోను నూట డెబ్బై లాభం,” అన్నాడు అన్నయ్య.

“అన్నీ అమ్ముడుపోతే కదండీ! ముప్పై ఆరు వేలు ముందే పోయాలి. పోస్టు, కవరు, చార్జీ తీసేస్తే చేతికొచ్చేది మూడొందల యాభై. నూట మూడు అమ్మితే గానీ పెట్టుబడి రాదు. మిగిలిన సైజులు నెత్తిన పెట్టుకోవాలా?”

ఆ ముప్పై ఆరు వేలూ కొత్త మెషీను కోసం దాచినవి. పాతది నీళ్లు కక్కుతోంది. అది ఆగితే లాండ్రీ ఆగుతుంది.

ఆఖరికి వదినే షరతు పెట్టింది. ముందు డబ్బు కట్టించుకుందాం, వారంలో నూట మూడు దాటితేనే కొట్టిద్దాం, లేదంటే అందరికీ వాపసు.

పదకొండు వచ్చాయి. రెండు వేల వేళ్లకి పదకొండు! చిరునామాలు చూస్తే అందులో ఐదు మా లాండ్రీవే.

అన్నయ్య గోడకేసి చూశాడు. “కాస్త ఊపు వస్తుందని...”

“డబ్బెక్కడిది?” అని వదిన అడిగింది.

“మెషీను డబ్బులోంచి తీశా.”

అసహ్యం వేసింది నాకు. సొంత అన్న కాబట్టి నోరు మూసుకున్నాను గానీ, లేకపోతే కడిగిపారేసేదాన్ని. వదిన అందరి డబ్బూ వెనక్కి పంపేసి, మర్నాడే మెషీను కొనేసింది.

తొలిసారి తిప్పినప్పుడు బట్టలతో పాటు ఆ నమూనా చొక్కా కూడా వేసింది. బయటికొచ్చేసరికి బొమ్మ మొత్తం పోయి, తెల్లటి గుడ్డ మిగిలింది. దాన్ని పిండి అన్నయ్య చేతిలో పెట్టింది.

“నేల తుడవండి. పాత మెషీను కక్కిన నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.”