“ఒక నెలలోగా” అని మార్చింది నేనే

మేడ్చల్ మిషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో నా చేతిరాత మీద నాకు మా చెడ్డ గర్వం. సర్కారు కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో, వాళ్ళ ఫసలీ పంచాంగం నెలల్లో నడిచేవి. మా మిషన్‌లో మాత్రం తెలుగు రాతా, ఇంగ్లీషు నెలలూ. సెక్రటరీగారు చిత్తు రాసిస్తే నేను సాపు రాయాలి. అంతే నా పని. అంతటితో ఊరుకుని ఉంటే ఇవాళ ఇది రాసుకునే ఖర్మ ఉండేది కాదు.

చదువుకునే రోజుల్లో ఒకే మాట ఒకే పుటలో రెండుసార్లు రాస్తే మా పంతులు తొడపాశం పెట్టేవాడు. ఆ అలవాటు కాస్తా ఉద్యోగులకిచ్చే మిషన్ ఇళ్ళ నిబంధనల మీద చూపించాను. చిత్తులో తేదీలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: 1-వ తేది, 15-వ తేది. నేను ఒకచోట “1-వ తేది” అన్నాను, ఇంకోచోట “పదిహేనవ తారీఖు” అన్నాను, మరోచోట ఒట్టి అంకెలు వేసి వదిలాను. ఇల్లు ఖాళీ చేయమన్న ఉత్తర్వు మీద “ముప్పది దినములలోగా” మనవి చేసుకోవచ్చని నాలుగో నిబంధన. ఆ మనవి ఆఫీసుకు ఎలా అందాలో చెప్పే తొమ్మిదో నిబంధనలోనూ అదే గడువు, అవే మాటలు. మళ్ళీ అదేనా అని చిరాకుపడి, తొమ్మిదోదాన్ని “ఒక నెలలోగా” అని మార్చాను. సెక్రటరీగారు పైపైన చూసి, “ముత్యాల్లా ఉన్నాయయ్యా అక్షరాలు” అని సంతకం చేశారు. ఆ కాగితాన్ని నేనే ఆఫీసు గోడకు అంటించాను.

ఆ చలికాలంలో మిషన్ బడి పంతులు జ్వరంతో పోయాడు. భార్యా, ఇద్దరాడపిల్లలూ మిషన్ ఇంట్లోనే ఉన్నారు. ఖాళీ చేయమన్న ఉత్తర్వు జనవరి అయిదున ఆమెకు అందింది. పెద్దపిల్లకు ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్షలు. అవి అయ్యేదాకా ఉండనిమ్మని మిషన్ కమిటీకి మనవి పెట్టుకోవాలని ఆమె ఆశ. గోడమీది కాగితం చదువుకుని నా దగ్గరికి వచ్చింది.

“తమ్మీ, నెల అని రాసిండ్రు. అంటే వచ్చే అయిదో తారీఖు దాంక ఉన్నట్టే గదా?”

“ఉన్నట్టే అక్కా,” అన్నాను, తలెత్తకుండా.

శామీర్‌పేట పాస్టరుగారి సిఫారసు ఉంటే కమిటీ మెత్తబడుతుందని ఎవరో చెప్పారట. ఆమె పోయేసరికి ఆయన అలియాబాద్‌లో ఉన్నారు. ఫిబ్రవరి నాలుగో తేదీ సాయంత్రం తిరిగొచ్చి ఉత్తరం రాసిచ్చారు. అయిదో తేదీ పొద్దున్నే మనవి, సిఫారసు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కాళ్ళనిండా దుమ్ము. “జల్దీ జల్దీ వచ్చిన తమ్మీ, మస్తు పరేషానైన,” అని నవ్వింది.

కమిటీలో ఒక పెద్దమనిషి క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క తీశాడు. ఉత్తర్వు అందిన రోజు వదిలేసి, జనవరిలో ఇరవై ఆరు రోజులు, ఫిబ్రవరిలో నాలుగు. నాలుగో తేదీతో ముప్పై సరి. నెల లెక్కనైతే అయిదో తేదీ కూడా లోపలే. రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి చూశారు. సెక్రటరీగారు చిత్తు తెప్పించారు. రెండుచోట్లా ముప్పది దినాలే.

“మరి గీ నెల ఏడికెల్లి వచ్చింది?” అన్నాడు లెక్క తీసిన పెద్దమనిషి.

అందరూ నా వైపు చూశారు. మాట మార్చింది నేనేనని, అడిగితే అయిదు దాకా ఉందని చెప్పిందీ నేనేనని అంటే చాలు, తప్పు ఆమెది కాదని తేలిపోయేది. కానీ ఛీ, ఉద్యోగం పోతుందని భయం. “సాపు రాయడంలో పొరపాటండీ,” అన్నాను. పొరపాటైతే చిత్తే ప్రమాణం అన్నారు. మనవి గడువు దాటి వచ్చిందని తోసేశారు.

ముప్పది దినాలలోగా ఇల్లు ఖాళీ చేయాలన్న కొత్త ఉత్తర్వు నేనే సాపు రాశాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఫిబ్రవరి పదో తేదీన ఆమె ఆఫీసుకు వచ్చి తీసుకుంది. రెండుసార్లు చదివింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“గీ ముప్పై రోజులంటే ఏ తారీఖు దాంక తమ్మీ? నాకు లెక్క తెల్వకపాయె. నువ్వే చూసి చెప్పు.”

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఫిబ్రవరిలో పద్దెనిమిది, మార్చిలో పన్నెండు. “మార్చి పన్నెండు అక్కా.”

“పరీక్షలు ఏప్రిల్ల గదా,” అంది, నాతో కాదు. తర్వాత కాగితం నా ముందు పెట్టింది. “తారీఖు గీడ రాసియ్యి. నీ రాతైతే నాకు మంచిగ తెలుస్తది.”

రాసిచ్చాను. ఆమె పన్నెండు దాకా ఆగలేదు. మళ్ళీ ఎక్కడ లెక్క తప్పుతుందోనని పదకొండో తేదీనే, పిల్లను బడి మాన్పించి, సామాను బండిలో వేసుకుని కుత్బుల్లాపూర్‌లో అన్నగారింటికి వెళ్ళిపోయింది.